‘ఆ కత్తెర ఇటియ్యి’: పిల్లల కథలో మాటలకు మార్కులు ఎలా?

బడిపిల్లల కథల పోటీకి న్యాయనిర్ణేతగా వెళితే చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో కథాంశం, పాత్రలు, సంభాషణలు, కథనం, భాష అని నాలుగైదు గళ్ళుంటాయి. ఒక్కో గడికి పది మార్కులు. వీటన్నిటిలో తొందరపాటుతో నిండిపోయేది సంభాషణల గడి. పేజీలు తిప్పుతుంటే కొటేషన్ గుర్తులు ఎక్కువ కనిపించాయా, ఎనిమిది. తక్కువ కనిపించాయా, నాలుగు. కథనం గడికీ ఈమధ్య అదే గతి పట్టింది. ‘చెప్పకు, చూపించు’ అని ప్రతి కార్యశాలలోనూ పిల్లలకు నేర్పుతున్నారు. దాంతో మార్కులు వేసేవాళ్ళు కూడా వర్ణన ఎంత ఉందో చూసి సంతృప్తి పడుతున్నారు.

రెండు చోట్లా జరుగుతున్న పొరపాటు ఒకటే. ఎంత ఉందని చూస్తున్నాం గానీ, ఎక్కడ ఉంది, అక్కడ ఏం పని చేస్తోంది అని చూడటం లేదు. ఇది ఒక కథ ముందు పెట్టుకుంటే తప్ప తేలే విషయం కాదు. పోటీకి వచ్చిన పిల్లల రాతల్ని బయట పెట్టడం మర్యాద కాదు కాబట్టి, అలాంటి కథల్లో తరచూ ఎదురయ్యే సంగతుల్ని కలిపి ఒక నమూనా అల్లాను. అందులోని ప్రతి లోపం, ప్రతి మెరుపు ఏదో ఒక రూపంలో మార్కులు వేసేవాళ్ళకు తెలిసినవే.

కథ పేరు ‘కొత్త డ్రెస్సు’. రాసింది తెలంగాణలో ఒక చిన్న పట్టణంలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి అనుకుందాం. చేతిరాతలో నాలుగు పేజీలు, సుమారు 900 మాటలు. తండ్రి దర్జీ. జూన్‌లో బడులు తెరిచే ముందు వీధిలో పిల్లలందరి యూనిఫాంలూ ఆయన మిషన్ మీదే కుట్టాలి. సొంత కూతురికి మాత్రం కొత్తది కుట్టడానికి తీరిక లేదు, గుడ్డ కొనడానికి చేతిలో పైకమూ లేదు. ఒక రాత్రి తండ్రీ కూతుళ్ళ మధ్య గొడవ జరుగుతుంది. ఆ తర్వాత అమ్మాయి తండ్రి పక్కన కూర్చుని ఇతరుల చొక్కాలకు కాజాలు కుడుతుంది. తెల్లారి పాత స్కర్టుతోనే బడికి పోతుంది.

మొదటిసారి చదివేటప్పుడు పెన్ను పక్కన పెట్టేయాలి. చేతిలో పెన్నుంటే కంటికి అక్షరదోషాలే కనిపిస్తాయి. రెండోసారి పెన్సిల్ తీసుకుని అంచులో ప్రతి పేరా పక్కన ఒక గుర్తు పెట్టుకుంటూ పోవాలి. మన కళ్ళ ముందు, ఆ క్షణంలో జరుగుతున్నట్టు రాస్తే ‘దృ’, అంటే దృశ్యం. జరిగినదాన్ని కుదించి చెబితే ‘చె’. ఐదు నిమిషాల పని. అయితే దీనితో కథ ఎక్కడ ఆగి నిలబడిందో, ఎక్కడ పరుగెత్తిందో ఒక పటంలా కనిపిస్తుంది.

‘కొత్త డ్రెస్సు’లో ఆ పటం ఇలా తేలింది. మొదటి పేజీ, రెండో పేజీలో సగం వరకు వరసగా ‘దృ’. అలారం మోగింది. బ్రష్ మీద పేస్టు వేసుకుంది. ఇడ్లీ ప్లేటులోంచి ఆవిరి లేస్తోంది. ఆటోలో తొమ్మిది మంది ఇరుక్కుని కూర్చున్నారు. ప్రార్థన గంట కొట్టారు. అన్నీ చూపించింది, చక్కగానే చూపించింది. మూడో పేజీ చివర అసలు రాత్రి వచ్చేసరికి ఇలా ఉంది:

“ఆ రాత్రి నాకు, నాయినకు పెద్ద గొడవ జరిగింది. నాకు చాలా ఏడుపొచ్చింది. తర్వాత నేను నాయిన పనిలో సాయం చేశాను. ఇద్దరం కలిసిపోయాం.”

పక్కన ‘చె’. నాలుగు వాక్యాలు, అంతే.

చూపించడం తెలియని పిల్ల రాసిన కథ కాదిది. ఇడ్లీ ఆవిరి చూపించగలిగిన పిల్ల గొడవనూ చూపించగలదు. ఎక్కడ చూపించాలో ఎంచుకోలేకపోయింది. పళ్ళు తోముకోవడానికి 60 మాటలు, తండ్రితో పోట్లాటకు 20 మాటలు. ‘వర్ణన బాగుంది’ అని ఎనిమిది వేసేవారు మొదటి పేజీని చూసి వేస్తారు. ‘చెప్పేసింది’ అని నాలుగు వేసేవారు మూడో పేజీని చూసి వేస్తారు. ఇద్దరూ చూడనిది ఈ రెండింటి పొంతన. కథలో బరువు ఎక్కడుందో అక్కడ వేగం తగ్గిందా లేదా అన్నదే సమతూకానికి కొలత. సగం దృశ్యం, సగం కథనం అని లెక్క కుదిరినంత మాత్రాన అది సమతూకం కాదు.

చెప్పడం తప్పు, చూపడం ఒప్పు అన్న పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కాస్త చూడాలి. రష్యన్ రచయిత చెహోవ్ 1886లో తన అన్న అలెగ్జాండర్‌కు రాసిన ఉత్తరంలో వెన్నెల రాత్రి గురించి సలహా ఇచ్చాడు. మిల్లు ఆనకట్ట మీద పగిలిన సీసా ముక్క ఒకటి చిన్న నక్షత్రంలా మెరిసిందని రాస్తే వెన్నెల దానంతటదే వస్తుందన్నాడు. తర్వాత 1921లో పెర్సీ లబ్బక్ అనే ఆంగ్ల విమర్శకుడు నవలా శిల్పం మీద పుస్తకం రాస్తూ చూపడానికి పెద్ద పీట వేశాడు. అక్కడి నుంచి అది పాఠంగా మారింది, పాఠం సూత్రమైంది. 1961లో అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ ఆ సూత్రాన్ని నిలదీశాడు. రచయిత చూపిస్తున్నప్పుడు కూడా ఏది చూపాలో ఎంచుకుంటూ తన మాట చెబుతూనే ఉంటాడని, రెంటి మధ్య అంత గట్టి గోడ లేదని వాదించాడు. మన కార్యశాలలకు చెహోవ్ సీసా ముక్క చేరింది గానీ బూత్ ఆక్షేపణ అంతగా చేరలేదు.

దాని ఫలితం పిల్లల కథల్లో ఒక ప్రత్యేకమైన రోగంగా కనిపిస్తుంది. ‘కోపం వచ్చింది’ అని రాయకూడదన్నారు కదా అని ‘పిడికిళ్ళు బిగుసుకున్నాయి, కళ్ళు ఎర్రబడ్డాయి’ అని రాస్తారు. ‘భయం వేసింది’ బదులు ‘గుండె దడదడలాడింది’. ‘ఏడ్చింది’ బదులు ‘కన్నీళ్ళు ముత్యాల్లా జారాయి’. ఇవి చూపించడంలా కనిపిస్తాయి, నిజానికి చెప్పడమే. ఆ పిడికిలి ఎవరిదైనా కావచ్చు, ఏ కథలోనైనా ఉండొచ్చు. ఈ మనిషిదే, ఈ గదిలోదే అనిపించే గుర్తు ఒక్కటీ లేదు. ఇలాంటి వాక్యానికి అదనంగా మార్కు వేస్తే అద్దెకు తెచ్చిన వస్తువును సొంతమని ఒప్పుకున్నట్టే. ‘నాకు కోపం వచ్చింది’ అని తిన్నగా రాసిన పిల్ల వీళ్ళకంటే నయం.

‘కొత్త డ్రెస్సు’ రెండో పేజీలో, ఎవరూ పట్టించుకోకుండా దాటిపోయే చోట, ఒక వాక్యం ఉంది: “నా స్కర్టు కింది మడత విప్పి పొడవు చేశారు, అక్కడ ఒక గీత మాత్రం కొత్త గుడ్డలాగా నీలంగా ఉంది.”

పెరుగుతున్న పిల్లల బట్టలకు కింద ఎక్కువ గుడ్డ లోపలికి మడిచి కుడతారు. ఏడాది తర్వాత ఆ మడత విప్పుతారు. ఎండకూ ఉతుకుకూ బయటి గుడ్డ వెలిసిపోయి ఉంటుంది, లోపల దాగిన గుడ్డ రంగు అలాగే ఉంటుంది. అందుకే ఆ గీత. దర్జీ కూతురికి తప్ప ఇంకొకరికి ఇంత తేలిగ్గా తట్టని వివరం ఇది. అమ్మాయి ఎంత ఎదిగింది, స్కర్టు ఎన్నాళ్ళది, ఇంట్లో డబ్బు సంగతి ఏమిటి, ఈ మూడూ ఆ గీతలో ఉన్నాయి. ఇక వెంటనే వచ్చే వాక్యం చూడండి: “మేము పేదవాళ్ళం కాబట్టి కొత్తది కొనుక్కోలేకపోయాం, అందుకే నాకు చాలా బాధగా ఉండేది.”

ఇక్కడ న్యాయనిర్ణేత చేయవలసిన పరీక్ష చాలా చిన్నది. ఆ రెండో వాక్యాన్ని వేలితో మూసి చదవాలి. మూసినా కథలో ఏమీ పోలేదంటే అది మిగులు వాక్యం. పోయిందంటే అవసరమైన వాక్యం. ఇక్కడ ఏమీ పోలేదు. కానీ మార్కు తగ్గించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. మంచి వివరం రాసి దాన్ని తనే నమ్మలేక వివరణ తగిలించిన పిల్ల వేరు, వివరమే లేక వివరణ ఒక్కటే రాసిన పిల్ల వేరు. మొదటి అమ్మాయికి ఒక వాక్యం కొట్టేయడం నేర్పితే చాలు. రెండో అమ్మాయికి చూడటమే నేర్పాలి. ఇద్దరికీ ‘చెప్పేసింది’ అని ఒకే మార్కు పడితే ఆ గడి ఉండీ లాభం లేదు.

అదే కథలో చెప్పడం బ్రహ్మాండంగా నడిచిన చోటు కూడా ఉంది: “జూన్ నెలంతా మా నాయిన అన్నం కూడా మిషన్ మీదే తినేవాడు, అందుకే ఆ నెలలో కుట్టిన చొక్కాల్లో ఏదో ఒకదానికి పసుపు మరక ఉండేది.” నెల రోజుల్ని ఒక వాక్యంలో కుదించింది. పటంలో దీని పక్కన పడేది ‘చె’యే. అయినా తండ్రి కళ్ళ ముందు నిలబడ్డాడు. తినేవాడు, ఉండేది, వచ్చేవాళ్ళు అంటూ అలవాటుగా జరిగేవాటిని పోగు చేసి చెప్పే తీరు మన ఇళ్ళల్లో పెద్దలు కథ చెప్పేటప్పుడు వాడేదే. దాన్ని దృశ్యంగా మార్చమని పిల్లల మీద ఒత్తిడి తేవడం దండగ.

ఇప్పుడు మాటల దగ్గరికి వద్దాం. ఈ కథలో సంభాషణలు మూడు చోట్ల వస్తాయి. మొదటిది ఇది:

“నాయినా, నువ్వు ఇరవై ఏళ్ళ నుండి ఈ ఊరిలో దర్జీగా పనిచేస్తున్నావు కదా! అమ్మ ఊరికి వెళ్ళినప్పుడల్లా నువ్వే వంట కూడా చేస్తావు కదా!” అని నేను ప్రేమగా అన్నాను.

ఏ కూతురూ తండ్రితో ఇలా మాట్లాడదు. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఒకరికొకరు చెప్పుకుంటున్నారంటే, వాళ్ళు మాట్లాడుతున్నది పాఠకుడితోనే. ‘కదా’ అన్న మాట రెండుసార్లు రావడమే పట్టిస్తోంది. పిల్లల కథల్లో చాలా సంభాషణ ఇదే రకం. కొటేషన్ గుర్తులు తీసేస్తే మామూలు కథనమే. గుర్తుల్ని లెక్కపెట్టి మార్కులు వేసేవారు ఇక్కడే మోసపోతారు.

రెండోది కొట్టుకొచ్చిన ఒకావిడ మాటలు. పేజీ మొదట్లో ఆమె “అన్నా, మా పిల్లదాని డ్రెస్సు అయ్యిందా?” అని అడుగుతుంది. రెండు రోజుల తర్వాత వచ్చి “ఏందయ్యా, ఎన్నిసార్లు తిప్పుతవ్?” అంటుంది. ‘ఆమెకు కోపం వచ్చింది’ అని అమ్మాయి ఎక్కడా రాయలేదు. అన్న కాస్తా అయ్య అయిపోయాడు, అంతే. తెలుగులో రాసే పిల్లలకు దొరికే గొప్ప సౌకర్యం ఇది. పిలుపు, క్రియ చివరి అక్షరం కలిసి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎంత గౌరవంతోనో, ఎంత చనువుతోనో చెప్పేస్తాయి. అందుకే మార్కు వేసే ముందు ‘అన్నాడు, అంది’ భాగాన్ని మూసి వట్టి మాటలే చదవాలి. మనుషులు విడివిడిగా వినిపిస్తే సంభాషణ బతికుందని అర్థం. అందరూ ఒకే గొంతుతో వినిపిస్తే, అది కూడా పాఠ్యపుస్తకంలోని గొంతయితే, ఎన్ని పేజీలున్నా నాలుగు దాటకూడదు.

మూసేసే ఆ భాగం గురించి ఒక మాట. ఒకే క్రియ మళ్ళీ మళ్ళీ వాడకూడదని ఎవరో చెప్పి ఉంటారు. పిల్లలు అన్నాడు, అంది అని రాయడానికి భయపడతారు. గర్జించాడు, వాపోయింది, నిట్టూర్చాడు, ఆక్రోశించింది అని నిఘంటువు తిరగేస్తారు. నిజానికి తెలుగు వాక్యంలో ఆ క్రియ సాధారణంగా మాట ముగిశాకే వస్తుంది. పాఠకుడు మాటను అప్పటికే తన మనసులో వినేశాడు. మాటలో లేని కోపాన్ని చివర వచ్చే ‘ఆవేశంగా గర్జించాడు’ వెనక్కి వెళ్ళి పూయలేదు. మాటలోనే కోపం ఉంటే ‘అన్నాడు’ చాలు. కాబట్టి అన్నాడు, అంది అన్న పునరుక్తికి మార్కు కొయ్యడం తప్పు. కొయ్యవలసి వస్తే గర్జనలకు కొయ్యాలి.

మూడో సంభాషణ అన్నిటికంటే చిన్నది. మిషన్ దగ్గర బట్టల కుప్ప. అమ్మాయి నిలబడి ఉంది.

“నాయినా, నాది ఎప్పుడు కుడ్తవ్?”

“ఆ కత్తెర ఇటియ్యి.”

అంతటితో పేరా అయిపోయింది. కింది పేరా మళ్ళీ బడి, స్నేహితులు. ‘ప్రశ్నకు జవాబు రాలేదు, సంభాషణ అసంపూర్ణం’ అని అనుకునే ప్రమాదం ఇక్కడ చాలా ఉంది. జవాబు వచ్చింది. తండ్రి దగ్గర చెప్పడానికి ఏమీ లేదని, ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేదని, కూతుర్ని కసరడమూ ఇష్టం లేదని ఆ కత్తెర చెప్పింది. ఇళ్ళల్లో కష్టమైన ప్రశ్నకు పెద్దవాళ్ళు ఇచ్చే జవాబులు ఇలాగే పక్కకు జారతాయి. తొమ్మిదో తరగతి పిల్ల ఇది తెలిసి రాసిందో, విన్నది విన్నట్టు రాసిందో మనకు అనవసరం. కాగితం మీద ఉంది కాబట్టి మార్కు దానిదే.

గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. అది అర్ధరాత్రి ఇంటికొచ్చిన భర్త తలుపు దగ్గర వేసే కేకతో మొదలవుతుంది. అతను ఎలాంటివాడో రచయిత ముందుగా పరిచయం చేయడు. ఆ కేక, తర్వాత నౌకరుతో మాట్లాడే తీరు, వీటి నుంచి పాఠకుడే గ్రహించుకోవాలి. నౌకరు మాట నౌకరు యాసలోనే ఉంటుంది. ఆ దారి తెరుచుకుని నూరేళ్ళు దాటినా, పిల్లల కాగితాల మీద యాసకు ఇంకా ఎర్ర సిరా పడుతూనే ఉంది. ‘కుడ్తవ్’ చుట్టూ సున్నా చుట్టి పక్కన ‘కుడతావు’ అని రాసిన కాగితాలకు కొదవ లేదు. భాష గడిలో ఒక మార్కు పోతుంది, సంభాషణల గడిలోనూ ఇంకొకటి పోతుంది. తన ఊరి మాటను సరిగ్గా విన్నందుకు పిల్ల రెండు చోట్ల నష్టపోతుంది. కొటేషన్ గుర్తుల లోపల ఉన్నదాన్ని అక్షరదోషంగా లెక్కపెట్టకూడదని నిర్ణేతలందరూ కూర్చుని ముందే ఒప్పుకోవడం మంచిది.

యాసలో తప్పు పట్టగలిగేది నిలకడ లేకపోతేనే. ఈ కథలో తండ్రి మూడో పేజీలో ఒక్కసారి “రేపు కుడతాను” అంటాడు. దోషమేనా? ఎవరితో అన్నాడో చూస్తే, కొట్టుకొచ్చిన టీచరమ్మతో. చదువుకున్నవాళ్ళ ముందు మాట కాస్త సర్దుకోవడం మన చుట్టూ రోజూ జరిగేదే. ఇక్కడ అది నిలకడలేమి కాదు, గమనింపు. అదే మాట కూతురితో అని ఉంటే అనుమానించాల్సిందే.

ఈ కథను ఇద్దరు విడివిడిగా దిద్దితే, సంభాషణలకు ఒకరు నాలుగు, మరొకరు ఎనిమిది వేయడం ఆశ్చర్యం కాదు. మొదటివారు ‘కదా కదా’ దగ్గర ఆగిపోయి ఉంటారు, రెండోవారు కత్తెర దగ్గర. సగటు తీసి ఆరు వేయడం సులువే. అలా చేస్తే ఎవరూ కథను మళ్ళీ చూడరు. పదికి మూడు మార్కుల కంటే తేడా వస్తే ఇద్దరూ కలిసి ఆ భాగాన్ని పైకి చదవాలని ముందే నియమం పెట్టుకోవాలి. కంటితో చదివినప్పుడు దాటిపోయిన ‘అన్నా’, ‘ఏందయ్యా’ తేడా చెవికి తప్పకుండా తగులుతుంది. పైకి చదివాక నేనైతే సంభాషణలకు ఏడు వేస్తాను. మూడింటిలో రెండు చోట్ల మాట పని చేసింది, ఒకచోట చేయలేదు. కథనానికి ఐదే. మడత గీత, పసుపు మరక ఎంత బాగున్నా, అసలు రాత్రిని నాలుగు వాక్యాల్లో దాటేయడం పెద్ద లోటు. అక్కడే కథ ఉంది మరి.

ఇది ఇంటి దగ్గర తీరిగ్గా రాసి పంపిన కథ అయితేనే ఈ ఐదు. హాల్లో కూర్చోబెట్టి గంటన్నరలో రాయించే పోటీలైతే లెక్క మారాలి. అక్కడ పిల్లలు మొదటి పేజీ నెమ్మదిగా రాస్తారు, గంట చూసుకుని చివరి పేజీ పరుగెత్తిస్తారు. గొడవ నాలుగు వాక్యాలకు కుదించుకుపోవడానికి కారణం గడియారమే కావచ్చు. చివరి పేజీలో చేతిరాత వంకర పోయిందేమో చూస్తే తెలిసిపోతుంది. అలాంటప్పుడు ఆరు వేస్తాను. చివరన “పిల్లలు తల్లిదండ్రుల కష్టాన్ని అర్థం చేసుకోవాలి” అన్న నీతి వాక్యం గురించి అడుగుతారేమో. దానికి నేను మార్కు కొయ్యను. నీతి లేకపోతే కథ కాదని బడిలో నేర్పింది మనమే.

మార్కుల కన్నా ఆ అమ్మాయికి ఎక్కువ పనికొచ్చేది కాగితం కింద రాసే రెండు ముక్కలు. ‘సంభాషణలు మెరుగుపరచుకోవాలి’ అని రాస్తే ఆమె వచ్చే ఏడాది కొటేషన్ గుర్తులు ఇంకో పది పెంచుతుంది. వాక్యాన్ని వేలు పెట్టి చూపాలి. నేనైతే ఇలా రాస్తాను: “మీ నాయిన కత్తెర అడిగిన మాట నాకు చాలా నచ్చింది, దాని తర్వాత ఇంకేం రాయకుండా ఆగావు, మంచి పని చేశావు. స్కర్టు గీత గురించి రాసినప్పుడు కూడా అలాగే ఆగి ఉండాల్సింది. పళ్ళు తోముకోవడం తీసేసి, ఆ జాగాలో గొడవ రాత్రి ఎవరు ముందు ఏమన్నారో, నువ్వు మొదటి కాజా కుడుతుంటే మీ నాయిన ఏం చేశాడో రాసి మీ తెలుగు టీచర్‌కు చూపించు.”